కొండగట్టు అంజన్నకు ఎనిమిది పద్యాల ఉత్తరం

(ఈ వారం ఎపిసోడ్ మాటల రాతప్రతి. పద్యాలు రాసుకుంటామని చాలామంది అడిగారు, అందుకే పూర్తిగా పెడుతున్నాం.)

నేను దుబాయిలో సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్. ఊరు జగిత్యాల పక్కన. తెలుగు పండితుణ్ణి కాదని ముందే చెప్తున్న. కానీ లెక్క పెట్టడం, కొలత చూడడం రోజూ చేసే పని. పద్యం అల్లడానికి ఆ పనే అక్కరకొచ్చింది.

మా కొండగట్టు అంజన్నకు నేను ఎనిమిది పద్యాల్లో ఒక ఉత్తరం రాసిన. క్యాంపులో చదివితే కొందరు మెచ్చుకున్నరు, కొందరు మొఖం మాడ్చుకున్నరు. ఒక పెద్దాయన అయితే, "దేవుణ్ణి నిలదీస్తవా బిడ్డా, పాపం కాదా?" అన్నడు. ఈ రోజు మాటంతా ఆయన ప్రశ్నకు జవాబే. ఉత్తరం మొత్తం చదువుతా, ఎట్లా కట్టిన్నో కూడా చెప్తా.

ముందు పాపం సంగతి చూద్దాం. మన తెలుగులో దేవుడికి పద్యాల్లో రాసుకోవడం చాలా పాత అలవాటు. నూరు, నూట ఎనిమిది పద్యాలు రాస్తే దాన్ని శతకం అంటరు. ప్రతి పద్యం చివర దేవుణ్ణి పిలిచే ఒకే మాట వస్తది, దాన్ని మకుటం అంటరు. అందులో పొగడ్త ఒక్కటే ఉంటదనుకుంటే పొరపాటు. దేవుణ్ణి తిడుతూ పొగడడానికి నిందాస్తుతి అని పేరు కూడా ఉంది.

భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్నను తీసుకోండి. మనం రామదాసు అంటాం. పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ము గుడికి పెట్టిండని గోల్కొండ తానీషా కాలంలో ఆయన్ను జైల్లో వేసిండ్రు. ఆ కొట్టు ఇప్పటికీ గోల్కొండ కోటలో చూపిస్తరు. అక్కడ కూర్చుని ఆయన పాడిన పాటల్లో ఒకటి పూర్తిగా లెక్కల పాట. సీతమ్మకు ఏ నగ చేయించిన్నో, లక్ష్మణుడికి ఏది చేయించిన్నో వరసగా చెప్పి, ఇవన్నీ పెట్టుకుని ఎవరి సొమ్మని కులుకుతున్నవని రాముణ్ణే అడుగుతడు. లెక్కలు రాసే ఉద్యోగి కదా, తిట్టు కూడా పద్దు రాసినట్టే ఉంటది. ఆ తర్వాత, దెబ్బలకు ఓర్వలేక తిట్టిన, మనసులో పెట్టుకోకు అంటడు. ఆయన దాశరథీ శతకంలో ఇంకో నిజాయితీ గల మాట ఉంది. చావు దగ్గరపడ్డప్పుడు, గొంతులో కఫం నిండినప్పుడు, చుట్టాలు చుట్టూ మూగినప్పుడు నీ పేరు గుర్తుకొస్తదో రాదో, అందుకే ఇప్పుడే నిన్ను తలుచుకుంటున్న అంటడు. అంత భక్తుడికి తన మీద తనకే అనుమానం. దాన్ని దాచుకోలేదు, పద్యంలో పెట్టిండు.

మా దిక్కు గోదావరి ఒడ్డున ధర్మపురి ఉంది. అక్కడి శేషప్ప కవి నరసింహ శతకం రాసిండు. మొదట్లోనే ఆయన ఒప్పుకుంటడు: పద్య లక్షణాలు నాకు తెల్వవు, పెద్ద పుస్తకాలు చదవలేదు, తప్పు దొర్లినంత మాత్రాన భక్తి తక్కువైతదా, చెరకు వంకరపోతే తీపి పోతదా అంటడు. ఆ ఒక్క మాట మనలాంటోళ్లకు గేటు పాస్.

ఇంతకీ నేను అంజన్ననే ఎందుకు ఎంచుకున్న? మా జిల్లా దేవుడు కావడం ఒక కారణం. రెండోది, సముద్రం దాటి పనికి పోయిన దేవుడు ఆయనొక్కడే. రాముడి ఉంగరం పట్టుకుని దాటిండు, కబురు చెప్పిండు, పని చేసుకుని తిరిగి వచ్చిండు. గల్ఫ్‌కొచ్చిన మనిషి ఆయనతో మాట్లాడితే ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటుంటది. మూడోది, కొండగట్టు విగ్రహానికి రెండు ముఖాలు, ఒకటి ఆంజనేయుడిది, ఒకటి నరసింహుడిది. కాబట్టి ఉత్తరం కూడా రెండు ముఖాలతో రాయొచ్చనుకున్న. కోపం ఒక దిక్కు, కృతజ్ఞత ఒక దిక్కు.

ఇప్పుడు కొలతలు. నేను వాడింది ఆటవెలది. వేమన పద్యాలు ఎక్కువగా ఈ కొలతలోనే ఉంటయి, చిన్నప్పుడు మనందరి నోటికి పట్టిందే. నాలుగు పాదాలు, పాదానికి ఐదు ముక్కలు. ముక్కను గణం అంటరు.

పొట్టి అక్షరం ఒక చప్పట్ల కాలం, దాన్ని లఘువు అంటరు. పొడుగు అక్షరం రెండు చప్పట్లు, అది గురువు. దీర్ఘం ఉన్నా, సున్న ఉన్నా గురువే. ఒత్తక్షరానికి ముందున్నది కూడా గురువే. "కొండ" అంటే "కొం" రెండు, "డ" ఒకటి, మొత్తం మూడు. "కొలువు" అంటే మూడు పొట్టి అక్షరాలు, అదీ మూడే. ఈ రెండు ఆకారాలనే సూర్యగణాలు అంటరు. అది మన చిన్న ఇటుక. ఇంద్రగణం పెద్ద ఇటుక, నాలుగో ఐదో చప్పట్లు పడుతది. "వేగంగ" అట్లాంటిది. పెద్ద ఇటుకకు ఆరు ఆకారాలున్నయి, బడి వ్యాకరణం పుస్తకంలో దొరుకుతయి. ఒకటో పాదం, మూడో పాదంలో మూడు చిన్నవి, రెండు పెద్దవి. రెండో పాదం, నాలుగో పాదంలో ఐదూ చిన్నవే.

ఇంకొక్క రూలు, యతి. పాదం మొదటి అక్షరం, నాలుగో గణం మొదటి అక్షరం చుట్టాలై ఉండాలె. హల్లూ కుదరాలె, అచ్చూ కుదరాలె. నా మకుటం చూడండి: కొండ, గట్టు, మీది, కొలువు, సామి. ఐదు చిన్న ఇటుకలు. మొదట "కొం", నాలుగో చోట "కొ". లెవెల్ సరిపోయింది.

మకుటం ముందు కుదుర్చుకోవాలె. ఎందుకంటే ఈ ఉత్తరం మొత్తాన్ని మోసే పిల్లర్ అదే. మూడు పాదాల్లో నువ్వు ఏం అడిగినా సరే, నాలుగో పాదంలో ఆయన పేరు పెట్టి పిలవాల్సిందే. "దేవుడు లేడు, ఉంటే ఇట్లా జరగనిస్తడా" అని మనం టీ కొట్టు దగ్గర అంటాం. అది ఆయన గురించి పక్కోడితో చెప్పిన మాట, అక్కడే ఆగిపోతది. అదే అనుమానం పద్యంలో పెడితే, మకుటం దగ్గరికి వచ్చేసరికి ఆయన మొఖం మీదే అడిగినట్టయితది. తిట్టు కూడా పలకరింపే. పాపం కాదా అని అడిగిన పెద్దాయనకు నేను చెప్పే జవాబు ఇదే. ఆయనతో మాట బంద్ చేస్తే భయపడాలె గని, నిలదీస్తే భయమెందుకు.

ఇక ఉత్తరం. మొదటి పద్యం, ఎవరికి ఎందుకు రాస్తున్నమో చెప్పడానికి.

రాముడిచ్చినట్టి రాజముద్రను కొని
సంద్రమంత దాటి సాగినావు
నాదు జాబు మోయ నాకెవ్వరున్నారు
కొండగట్టు మీది కొలువుసామి

రాజముద్ర అంటే ఆ ఉంగరం. రాముడి జాబు మోయడానికి నువ్వున్నవు, నా జాబు మోయడానికి ఎవరున్నరు? పోస్ట్‌మ్యానూ ఆయనే, ఉత్తరం అందుకునేదీ ఆయనే.

రెండో పద్యంలో నా సొంత బాధ.

వెళ్ళి వచ్చినావు వేగంగ నీవైతె
పద్దెనిమిది యేండ్లు పాయె నాకు
దాటుటొకటె తెలిసె దారేది తిరుగంగ
కొండగట్టు మీది కొలువుసామి

ఈ రెండో పాదాన్ని ముక్కలు చేసి చూపిస్తా, కొలత పని ఎట్లుంటదో తెలుస్తది. పద్దె, నిమిది, యేండ్లు, పాయె, నాకు. ఐదూ చిన్న ఇటుకలే. మొదటి అక్షరం "ప", నాలుగో గణం "పా". యతి కుదిరింది. ఇక్కడ బడి తెలుగులో "పోయె" అని వేసినమనుకో, గణం సరిపోతది గని యతి చెడుతది, ఎందుకంటే "ప"లో ఉన్న అచ్చుకు "పో"లో ఉన్న అచ్చు చుట్టం కాదు. మా ఊరి మాట "పాయె" ఉంది కాబట్టి పాదం నిలబడ్డది. ఇంటి మాటను మోటు అని పక్కకు పెట్టకండి, పద్యంలో అది అక్కరకొస్తది.

ఇంకో తమాషా ఉంది. "పంతొమ్మిది"లో మొదటి రెండు అక్షరాలూ పొడుగువే, చిన్న ఇటుకలో అవి రెండూ పట్టవు. అంటే వచ్చే ఏడు ఈ పాదం పనికిరాదు. పద్యం నిలవాలంటే నేను ఈ ఏడే ఇంటికి పోవాలె. మా ఇంటిదానికి ఫోన్లో ఇదే చెప్తే, "గీ రూలేదో మంచిగుంది" అన్నది.

మూడో పద్యం చదివే ముందు ఒక సంగతి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడ్డది. 60 మందికి పైగా పోయిండ్రు. చుట్టుపక్కల పల్లెలోళ్లు. ఇక్కడ క్యాంపుల్లో ఆ రోజు ఫోన్లు పట్టుకుని కూర్చున్నోళ్లకు ఎట్లుండెనో నేను చెప్పే అవసరం లేదు. అంజన్నకు ఉత్తరం రాస్తూ ఆ సంగతి దాటేస్తే, ఆ ఉత్తరంలో నిజాయితీ ఉండదు.

కొండనొక్క చేత గొనివచ్చినావంట
బస్సు లోయ బడగ పట్టవైతి
నీదు నీడనున్న నిరుపేద జనమాయె
కొండగట్టు మీది కొలువుసామి

లక్ష్మణుడి కోసం సంజీవని కొండనే పట్టుకొచ్చిన చెయ్యి. ఆ చెయ్యి నీ కొండ కిందనే బస్సును ఎందుకు పట్టలేదు? "గొనివచ్చినావంట" అన్న మాటలో "అంట" చూడండి. విన్నదే గని చూడలేదు కదా. అనుమానం ఆ చిన్న "అంట"లో ఉంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పద్యంలో జవాబు కల్పించి పెట్టలేదు కూడా. డ్రైవర్ తప్పా, రోడ్డు తప్పా, ఎక్కించిన మంది ఎక్కువా అనేది మనుషులు తేల్చుకోవాల్సిన లెక్క. ఆయన్ను అడగాల్సింది వేరే, అది అడిగిన.

నాలుగోది.

మాల వేసి నిన్ను మదినిండ గొలిచిన
పడుచువాడు తెల్లవార లేడు
తల్లి కేమి చెప్ప తరమౌనొ నాకింక
కొండగట్టు మీది కొలువుసామి

మీలో చాలామందికి ఇట్లాంటి పిల్లగాడు ఒకడు తెలిసే ఉంటడు. ఇక్కడే క్యాంపులో 41 రోజుల హనుమాన్ దీక్ష పట్టినోడు. చల్లనీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, డ్యూటీ మాత్రం తప్పకుండా. దీక్ష అయిన కొన్ని నెలలకు రాత్రి పడుకున్నోడు పొద్దున లేవలేదు. డాక్టర్ గుండె అని రాసిండు. కాగితాలు ఒక్కొక్కటీ అయి శవం ఊరికి చేరేదాకా, వాళ్లమ్మ ఫోన్ ఎత్తింది నేనే. పేరు చెప్పను. పద్యంలో కూడా పేరు పెట్టలేదు, ఆ తల్లి చెవిన పడితే నొచ్చుకోకూడదని. ఇట్లాంటి పద్యంలో వర్ణనలు పెట్టకూడదు. "తెల్లవార లేడు" అంటే చాలు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువైనా ఏడిపించడానికి రాసినట్టయితది.

ఐదోది అన్నిటికంటే గట్టి అనుమానం.

పిలిచి పిలిచి గొంతు పిడచగట్టెను గాని
వినవొ వినియు నీవు విడిచినావొ
లేనివాని తిట్ట లేరెవ్వరైనాను
కొండగట్టు మీది కొలువుసామి

నువ్వు వినలేదా, వినీ వదిలేసినవా? ఈ రెండిట్లో ఏది నిజమో తెల్వదు. మూడో పాదం నాకు నేను చెప్పుకున్న మాట. లేనోణ్ణి ఎవరూ తిట్టలేరు. నాకు ఇంత కోపం వస్తుందంటే ఎదురుగా ఎవరో ఉన్నరనే నా మనసు నమ్ముతున్నట్టు. ఇది రుజువు కాదు. వాదనకు దిగేటోడు ఒక్క నిమిషంలో పడగొడుతడు. నాకు మాత్రం రాత్రి షిఫ్ట్ దాటడానికి సరిపోయింది.

ఇక్కడ ఉత్తరం మలుపు తిరుగుతది. ఐదు పద్యాలు అయినయి, ఇక మిగిలినవి మూడు. కృతజ్ఞత రాయడం తిట్టడం కంటే కష్టమనిపించింది. తిట్టేటప్పుడు సంగతి ఉంటది, తేదీ ఉంటది. కృతజ్ఞత దగ్గరికి వచ్చేసరికి అందరం "చల్లగ చూసినవు, దయ చూపినవు" అని గాలి మాటలు రాస్తాం. అట్లాంటి పాదాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ పద్యాన్ని పక్క మంచం మీదోడు తన పేరుతో చదువుకున్నా ఏమీ తేడా రాకపోతే, అది నీ ఉత్తరం కాదు. ఏ రోజు, ఏ వస్తువు, ఏ మనిషి అన్నది అందులో కనిపించాలె.

ఆరోది అట్లా ఒక రోజు గురించే.

పైన జారి పడిన బల్ల కిందెవ్వరు
లేరు గనుక నాడు లెక్క దప్పె
రూలు కాచెనొక్కొ రూపమ్ము నీదేనొ
కొండగట్టు మీది కొలువుసామి

ఇక్కడ ఎండాకాలం రూలు మీకు తెలిసిందే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్. ఒక జులైలో, బ్రేక్ మొదలైన కాసేపటికి మా సైట్‌లో ఐదో లెవెల్ స్కాఫోల్డ్ మీది చెక్క బల్ల జారి కింద పడ్డది. సరిగ్గా ఆ జాగాలో పొద్దుటి నుంచి నలుగురు స్టీలు కడుతుండ్రి. బల్ల పడ్డప్పుడు నలుగురూ నీడలో అన్నం తింటున్నరు. చప్పుడు విని అందరం ఆ దిక్కు చూసి, ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

కాచింది ఎవరు? సర్కారు రూలు కాచింది, అందులో అనుమానం లేదు. ఆ రూలు రూపంలో వచ్చింది నువ్వేనా అని అడుగుతున్న, నువ్వే అని ఒట్టు పెట్టడం లేదు. కృతజ్ఞతలో కూడా ఈ నిజాయితీ ఉండాలె. లేకపోతే నాలుగో పద్యంలో పోయిన పిల్లగాణ్ణి ఎందుకు కాయలేదన్న ప్రశ్న వెంటనే అడ్డం నిలబడుతది. ఒకణ్ణి కాచినవని పొగిడి, ఇంకొకణ్ణి వదిలేసిన సంగతి దాచిపెడితే, ఎవరు నమ్మినా వాళ్లమ్మ మాత్రం నమ్మదు.

ఏడోది నా లెక్కల పద్దు.

అప్పు తీరిపోయె కప్పును వేసితి
బిడ్డ చదువు సాగె పెద్ద బడిని
ఇన్ని యిచ్చినావు నన్నింట లేకుండ
కొండగట్టు మీది కొలువుసామి

వీసాకు చేసిన అప్పు తీర్చిన, ఇంటికి స్లాబు పోసిన, బిడ్డ జగిత్యాలలో డిగ్రీ చదువుతుంది. ఇవి నిజం, వీటికి దండం పెడుతున్న. ఈ పద్యం చదువుతుంటే క్యాంపులో అందరూ ఆగింది మూడో పాదం దగ్గర. "నన్ను ఇంట లేకుండ" అనే మాటను కలిపితే "నన్నింట" అయింది. పద్యం మధ్యలో అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ముందు మాటతో కలిపెయ్యాలె, లేకపోతే అతుకు కనిపిస్తది. పైగా ఇక్కడ మామూలు యతి లేదు. దాని బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు, దాన్ని ప్రాసయతి అంటరు. "ఇన్ని", "నన్నిం", రెండిట్లోనూ రెండో అక్షరం ఒకటే. మొదటి పాదంలో "అప్పు", "కప్పు" కూడా అంతే. యతి ఎక్కడా కుదరకపోతే ఈ దారి తెరిచే ఉంటది.

అన్నీ ఇచ్చినవు, నేను మాత్రం ఆ ఇంట్లో లేను. దండం, అడుగుడు ఒకే పాదంలో పడ్డయి. రెండిటినీ విడదీస్తే ఏదో ఒకటి అబద్ధమైతది. మనలో చాలామంది బతుకు కూడా అట్లనే ఉంది కదా.

చివరిది, సంతకం లాంటిది.

తిట్టు గూడ నీవు పెట్టెలో దాచుకో
మొక్కు తోటి కలిపి మూట గట్టి
వచ్చునాడు రెండు పంచుకొందాములే
కొండగట్టు మీది కొలువుసామి

గల్ఫోళ్లకు పెట్టె అంటే ఒకే పెట్టె గుర్తుకొస్తది, అందులో ఇంటికి పోయినోళ్లు మనకు తెలుసు. అందుకే కావాలనే ఈ మాట పెట్టిన. ఇది హుండీ పెట్టె. ఆ పెట్టెలో నా తిట్టు దాచి ఉంచు, నేను నడుచుకుంటూ నీ మెట్లెక్కి వస్త, అప్పుడు మొక్కూ తిట్టూ ఇద్దరం పంచుకుందాం అంటున్న. మొత్తం ఉత్తరంలో నేను కోరుకున్నది ఈ ఒక్కటే, నడుచుకుంటూ రావడం.

మీరెవరైనా రాయాలనుకుంటే రెండు మూడు సంగతులు చెప్పి ఆపేస్తా. ముందు మకుటం కుదుర్చుకోండి, ఐదు చిన్న ఇటుకలు, మీ దేవుడి ఊరు పేరు అందులో వచ్చేటట్టు. వేములవాడ రాజన్న అయినా, మీ ఊరి ఎల్లమ్మ అయినా. తర్వాత మీ సంగతిని మామూలు మాటల్లో ఒక లైను రాసుకోండి. ఆ తర్వాతే గణాలు చూడండి. కొలత కోసం ఊరికే "మరియు", "గదయ్య", "నిజముగాను" అని సందు నింపే మాటలు పడితే, సిమెంటు తక్కువై ఇసుక ఎక్కువైనట్టు లెక్క, వేలితో గీకితే రాలుతది. చప్పట్లు కొడుతూ గట్టిగా చదివితే తప్పిన గణం దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతది. అక్కడే రిపేరు చెయ్యాలె.

ఇంకొకటి. ఏ ఉత్తరం ఎవరికి రాయాలో తెలిసి ఉండాలె. జీతం మూడు నెలలు రాకపోతే, పాస్‌పోర్ట్ ఎవరన్నా పట్టి పెట్టుకుంటే, దానికి పద్యం పని చెయ్యదు. అది కార్మిక శాఖకు, ఎంబసీకి రాయాల్సిన కాగితం. తేదీలతో, కాంట్రాక్టు కాపీతో, మామూలు వచనంలో రాయాలె. ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్నలు మిగులుతయి చూడు, అవి అంజన్నకు రాయండి.

నా ఉత్తరం సంగతి అడుగుతున్నరు కొందరు. తెల్ల కాగితం మీద చేత్తో రాసి, పెద్ద హనుమాన్ జయంతికి ఊరికి పోయే ఒక తమ్ముడి చేతికిచ్చిన. వైశాఖంలో కొండగట్టులో మాల విరమణకు జనం ఎంత వస్తరో మీకు తెల్సు. ఆ జనంలో నిలబడి హుండీలో వేసిండు. వేసేముందు తెరిచి చదివిండట. "అన్నా, రెండో పద్యంలో నా లెక్క తొమ్మిదేండ్లు, ఎట్లా మార్చాలె?" అని మెసేజ్ పెట్టిండు. "తొమ్మిదేండ్లు" అంటే చిన్న ఇటుకల్లో తొమ్మి, దేండ్లు, రెండు గణాలకు కుదురుతది తమ్మీ. కానీ మొదటి అక్షరం మారింది కాబట్టి నాలుగో గణం "తొ"కు చుట్టమయ్యే మాటతో రావాలె. ఆ మాట నువ్వే వెతుక్కో, నీ ఉత్తరం నువ్వే రాయాలె. దొరికితే పంపు, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా.

ఉంటా మరి. అందరూ పైలం. నమస్తే.